జీతం లేని పని కూడా పనే: ఇంటర్‌తో ఆగినవాళ్ల మొదటి రెజ్యూమే

ఇంటర్‌తో చదువు ఆపి పనిలో చేరాలనుకునేవాళ్లను ముందుగా తీసుకునేవి సూపర్‌మార్కెట్లు, ఆన్‌లైన్ సరుకుల గోదాములు, కాల్ సెంటర్లు. వీటిలో మొదటి మెట్టు ఉద్యోగాలకు అనుభవం అడగరు. ‘ఫ్రెషర్స్ కూడా రావచ్చు’ అని ప్రకటనలోనే వేస్తారు. రెజ్యూమే మాత్రం తెమ్మంటారు. ఎక్కడా పనిచేయని మనిషి ఆ కాగితం మీద ఏం రాయాలన్న దగ్గరే చాలామందికి పెన్ను ఆగిపోతుంది.

అప్పుడు దారి నెట్ సెంటర్‌కే. అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో ఉన్న ఎవరిదో పాత ఫైలు తెరిచి, పేరూ ఫోన్ నంబరూ మార్చి, ఐదు నిమిషాల్లో ప్రింటు తీసి చేతిలో పెడతాడు. అందులో మొదట ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ ఉంటుంది: సవాళ్లున్న వాతావరణంలో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడటం తన లక్ష్యమని. తర్వాత ‘స్ట్రెంగ్త్స్’: కష్టపడే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం. ఆ కింద ‘హాబీస్’: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. చివర పైవన్నీ నిజమేనని ఒక డిక్లరేషన్. బీటెక్ చదివినవాడికీ పది తప్పినవాడికీ ఇదే కాగితం వస్తుంది. వాక్-ఇన్ రోజున బల్ల మీద పేరుకున్న కట్టలో ఎవరి రెజ్యూమే ఏదో వాటి పేర్లు చదివితే తప్ప తెలియదు. అందులో అబద్ధమేమీ లేదు, కానీ ఆ మనిషి గురించి ఒక్క ముక్కా లేదు.

ఆ కట్టను చదివేది ఎవరన్నది తెలిస్తే ఏం రాయాలో తేలుతుంది. సూపర్‌మార్కెట్‌లో అయితే స్టోర్ మేనేజరు. గోదాముకైతే చాలాసార్లు ఆ కంపెనీ మనిషి కాదు, దానికి మనుషుల్ని సమకూర్చే ఏజెన్సీ ఉద్యోగి. కాల్ సెంటర్‌లో హెచ్ఆర్ విభాగం వాళ్లు. ముగ్గురూ చేసే మొదటి పని ఒక్కటే. పేరు, ఫోన్, ఉండే ఏరియా, చదువు, పాసైన సంవత్సరం, వచ్చిన భాషలు, ఏ షిఫ్టుకు రాగలరు, ఎప్పటి నుంచి చేరగలరు అన్నవి ఎక్సెల్ షీట్‌లో ఎక్కించుకుంటారు. వీటిలో ఏది దొరకకపోయినా వెతికి అడిగే తీరిక వాళ్లకు ఉండదు, పక్క కాగితానికి వెళ్లిపోతారు. ఆ తర్వాత వాళ్ల మనసులో ఉండే అనుమానాలు మూడు. రోజూ టైముకు వస్తారా? లెక్కో మాటో సరుకో, ఇచ్చిన పని సంభాళించగలరా? చేరి నెల తిరక్కుండానే మానేస్తారా? ఈ మూడు రంగాల్లోనూ యజమానులను ఎక్కువగా సతాయించేది మూడోదే, ఎందుకంటే కొత్తగా చేరినవాళ్లలో చాలామంది తొలి నెలల్లోనే వెళ్లిపోతుంటారు. మొదటి రెజ్యూమేలో ప్రతి వాక్యం ఈ మూడింటిలో ఏదో ఒకదానికి జవాబుగా ఉండాలి. దేనికీ జవాబు కాని వాక్యం ఎంత అందంగా ఉన్నా ఆ పేజీలో జాగా దండగే.

పేజీ తలకట్టున ఉండే పేరు దగ్గరే మనవాళ్లకు ఒక చిక్కుంది. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో దాన్ని ఒక పొడి అక్షరంగా కుదించి ఉంటారు, బ్యాంకు పుస్తకంలో అదే చివరికి పోతుంది. రెజ్యూమేలో ముద్దుపేరుతో నాలుగో రూపం పుడుతుంది. ఎంపికయ్యాక పీఎఫ్ ఖాతా తెరిచేటప్పుడు ఆధార్‌లోని పేరుతో మిగతావి కలవకపోతే చేరిక ఆగుతుంది, లేదా మొదటి జీతం ఆలస్యమవుతుంది. అందుకని పది మెమోలో ఎలా ఉందో రెజ్యూమేలోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. ఆధార్ దానికి భిన్నంగా ఉంటే పని వెతకడం మొదలుపెట్టక ముందే మీ-సేవలోనో ఆధార్ కేంద్రంలోనో సరిచేయించుకోవడం తెలివైన పని.

పేరు కింద ఫోన్ నంబరు, ఈమెయిల్, ప్రస్తుతం ఉంటున్న ఏరియా రావాలి. సొంతూరి పూర్తి చిరునామా, ఇంటి నంబరుతో సహా, అక్కర్లేదు. ‘ఉప్పల్, హైదరాబాద్’ అంటే చాలు. చదివేవాళ్లకు కావలసింది ఉదయం ఆరు గంటల షిఫ్టుకు అక్కడి నుంచి రాగలరా లేదా అన్నదే. మేడ్చల్ వైపు గోదాముకు దరఖాస్తు చేస్తూ చిరునామా దగ్గర జనగామ అని ఊరుకుంటే ఆ కాగితం పక్కకు పోతుంది. ‘మేడ్చల్‌లో హాస్టల్‌లో ఉండగలను’ అన్న మాట జోడిస్తే నిలబడుతుంది. ఈమెయిల్ విషయంలో ఒక్క మాట: తొమ్మిదో తరగతిలో సరదాకు పెట్టుకున్న cuteking_143 లాంటిది ఉంటే దాన్ని అలా వదిలేసి, పేరుతో కొత్తది తెరుచుకోవాలి.

ఇక అసలు సంగతి, అనుభవం గడి. దీన్ని ఒక ఉదాహరణతో చూడటం మేలు. జనగామ జిల్లాలోని ఒక పల్లెకు చెందిన అమ్మాయి 2025లో ఇంటర్ సీఈసీ పాసై, పద్దెనిమిదేళ్లు నిండి, ఉప్పల్‌లో పిన్ని వాళ్లింట్లో ఉంటూ పని వెతుక్కుంటోంది అనుకుందాం. ‘ఇంతకుముందు ఏం పని చేశావమ్మా?’ అంటే ‘ఏం చెయ్యలేదు సార్’ అంటుంది. ‘మరి సాయంత్రాలు ఏం చేసేదానివి?’ అని అడిగితే వేరే జవాబు వస్తుంది. అమ్మకు ఊళ్లో కిరాణా కొట్టుంది. తొమ్మిదో తరగతి నుంచి రోజూ ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఆ కొట్టు చూసుకునేది తనే. ఆదివారాలు పొద్దంతా. నలభై ఇళ్ల ఉద్దెర ఖాతా పుస్తకం తన చేతిరాతలోనే ఉంది. బాకీ పడినవాళ్లకు ఫోన్ చేసి, గొడవ రాకుండా గుర్తుచేసేదీ తనే, ఎందుకంటే అమ్మకు మొహమాటం. వారానికోసారి జనగామ నుంచి సరుకు వస్తే చీటీతో సరిచూసి దించుకోవడం, తేదీ దాటిన బిస్కెట్ ప్యాకెట్లను వేరుచేసి డీలర్‌కు తిప్పిపంపడం, 26 కిలోల బియ్యం బస్తాను తూకం దగ్గరికి జరపడం కూడా ఉన్నాయి. (2022 జూలైలో 25 కిలోల దాకా ప్యాకెట్ బియ్యం మీద జీఎస్టీ పడ్డప్పటి నుంచి బస్తా 26 కిలోలైంది. కొట్టు చూసుకున్న పిల్లలకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.) మిల్లులో పనిచేసే బీహార్ కూలీలు రోజూ కొట్టుకు రావడంతో హిందీ మాట్లాడటం వచ్చింది. అమ్మ ఉన్న పొదుపు సంఘంలో పదకొండు మంది కిస్తీల పుస్తకం కూడా రెండేళ్లు రాసింది.

ఇది అనుభవం కాదని ఆ అమ్మాయి అనుకోవడానికి కారణం జీతం ముట్టకపోవడమే. స్టోర్ మేనేజరు దృష్టిలో ఇది నాలుగేళ్ల అనుభవం. అయితే దాన్ని రాయడంలో రెండు కట్టుబాట్లు పాటించాలి. ఒకటి, పనికి లేని హోదా తగిలించకూడదు. ‘స్టోర్ మేనేజర్’ అని రాస్తే నవ్వులపాలవుతుంది. ‘కుటుంబ కిరాణా కొట్టులో సాయం, జీతం లేకుండా, జూన్ 2021 నుంచి మార్చి 2025 వరకు’ అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. రెండోది, ప్రతి పనికీ ఒక కొలత ఉండాలి. ‘లెక్కలు బాగా వచ్చు’ అన్నది ఎవరైనా రాయగల మాట. ‘నలభై ఇళ్ల ఉద్దెర ఖాతా రాసి నెలనెలా బాకీ తేల్చాను’ అన్నది చేసినవాళ్లే రాయగలరు. ‘సమయపాలన’ అన్న ముక్కకు బదులు ‘రోజూ మూడున్నర గంటలు, ఆదివారం పూర్తిగా’ అని ఉంటే మొదటి అనుమానం దానంతటదే తీరుతుంది.

కొలతలు నిజమైనవే రాయాలనడానికి నీతి ఒక్కటే కారణం కాదు. ఇంటర్వ్యూలో అడిగేవి వాటిమీదే. ఖాతా రాశానన్న అమ్మాయిని మేనేజరు వెంటనే ఇలా అడగవచ్చు: ‘ఒకాయన 340 రూపాయల సరుకు కొని 500 నోటిచ్చి, పాత బాకీ 120 కూడా పట్టుకోమన్నాడు. తిరిగి ఎంతిస్తావు?’ నిజంగా కొట్టు చూసినవాళ్లు నలభై అని గుక్క తిప్పకుండా చెబుతారు. ఎవరి రెజ్యూమేలోనో చూసి ఆ వాక్యం ఎత్తిరాసుకున్నవాళ్లు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కోసం చూస్తారు.

ఇదే అమ్మాయి మూడు చోట్లా ఒకే కాగితం ఇవ్వకూడదు. చేసిన పనులు అవే, కానీ పైకి రావలసినవి మారతాయి. పైన ఆబ్జెక్టివ్ తీసేసి ఆ చోట ఒకే వాక్యంలో ఏ ఉద్యోగానికి, ఎప్పటి నుంచి, ఏ షిఫ్టుకు అన్నది చెప్పాలి. సూపర్‌మార్కెట్‌కు ఇచ్చేదానిలో ‘బిల్లింగ్ లేదా సేల్స్ పనికి, వెంటనే చేరగలను, శని ఆదివారాలూ పండగ రోజులూ రాగలను’ అని ఉండాలి. ఆ రోజుల్లోనే కదా వాళ్లకు గిరాకీ. దాని కింద నగదు, ఫోన్‌పే లెక్క సాయంత్రానికి సరిపెట్టడం, గిరాకీని పలకరించడం, తేదీ దాటిన సరుకు ఏరడం ముందు రావాలి. తేదీల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పాత సరుకును అరలో ముందుకూ కొత్తదాన్ని వెనక్కూ సర్దాలని తెలిసినవాళ్లకు స్టోర్‌లో నేర్పాల్సింది చాలా తగ్గుతుంది.

గోదాముకు ఇచ్చేదానిలో ఆ క్రమం తిరగబడుతుంది. అక్కడ ఉద్యోగాల పేర్లు పికర్, ప్యాకర్, సార్టర్, లోడర్. పికర్ అంటే చేతిలో స్కానర్‌తో అరల మధ్య తిరిగి ఆర్డర్‌లోని వస్తువు వెతికి తెచ్చేవాళ్లు. ప్యాకర్ దాన్ని పెట్టెలో పెట్టి లేబుల్ అంటిస్తారు. పిన్‌కోడ్‌ల వారీగా వేరుచేసేవాళ్లు సార్టర్లు. ఈ పనుల్లో మాటకారితనానికి విలువ లేదు. షిఫ్టంతా నిలబడగలగడం, ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్‌ను తప్పు లేకుండా చదవడం, చీటీలో ఉన్నదీ చేతిలో ఉన్నదీ కలవకపోతే గుర్తించడం కావాలి. కాబట్టి సరుకు దించుకుని చీటీతో సరిచూసిన సంగతి మొదటి వరుసకు రావాలి, బస్తా సంగతి దాని వెంట. ఖాతా పుస్తకం ఒక వాక్యానికి కుదించవచ్చు. రాత్రి షిఫ్టుకు రాగలరో లేదో దాచకుండా రాయాలి. దసరా, దీపావళి అమ్మకాల ముందు గోదాములు తాత్కాలికంగా చాలామందిని తీసుకుంటాయి. ఆ సమయంలో ‘రెండు నెలల పనికైనా సరే’ అన్న వాక్యం పనికొస్తుంది, మిగతా కాలంలో అదే వాక్యం చెడుపు చేస్తుంది.

కాల్ సెంటర్ కాగితంలో అన్నిటికంటే పైన భాషలు ఉండాలి. ‘తెలుగు, హిందీ, ఇంగ్లిష్’ అని వరుసగా రాసి వదిలేయడం ఉపయోగపడదు. మాట్లాడటం, చదవడం, రాయడం వేర్వేరుగా చెప్పాలి: తెలుగు మూడూ, హిందీ మాట్లాడటం మాత్రమే, ఇంగ్లిష్ చదవడం, రాయడం వచ్చు, మాట్లాడటం కొంతవరకు. ఇంగ్లిష్ దగ్గర ‘ఫ్లూయెంట్’ అని రాసినవాళ్లకు మొదటి ప్రశ్న ఇంగ్లిష్‌లోనే వస్తుంది, ఆ ఇంటర్వ్యూ తరచూ అక్కడే ముగుస్తుంది. తెలుగు వినియోగదారులతో మాట్లాడే ఉద్యోగాన్ని ఆ రంగంలో తెలుగు వాయిస్ ప్రాసెస్ అంటారు. దానికి అనర్గళమైన ఇంగ్లిష్ కంటే తడబడని తెలుగు, పని గడిచే హిందీ ఎక్కువ పనికొస్తాయి. ఈ అమ్మాయికి ఇక్కడ ఒక అరుదైన ఆస్తి ఉంది. బాకీదారులకు ఫోన్ చేసి మర్యాదగా అడగడం. కిస్తీలు కట్టనివాళ్లకు ఫోన్ చేసే కలెక్షన్స్ విభాగంలో జరిగేది సరిగ్గా అదే, కొత్తవాళ్లకు అక్కడ నోరు పెగలదు. కొట్టు కోసం ఫోన్లు చేయడాన్ని పనిగా గుర్తించి రాసేవాళ్లు తక్కువ. ఫోన్ కాకుండా చాట్‌లో జవాబిచ్చే నాన్-వాయిస్ ఉద్యోగాలకైతే టైపింగ్ వేగం రాయాలి. నెట్‌లో ఉచితంగా దొరికే పరీక్ష పెట్టుకుని వచ్చిన అంకెనే, నిమిషానికి 22 పదాలైతే 22 అనే, రాయాలి. ఇంటర్వ్యూ రోజున కీబోర్డు ముందు కూర్చోబెట్టడం మామూలే.

అందరికీ ఇంట్లో కొట్టుండదు. అయినా ‘ఏం చెయ్యలేదు’ అన్నది నిజమయ్యే సందర్భాలు తక్కువ. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు వెళ్లి వడ్డించిన కుర్రాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అది రోజు కూలీ ముట్టిన అసలైన ఉద్యోగమే, ఎన్ని సీజన్లు, ఒక్కో ఫంక్షన్‌లో సుమారు ఎంతమందికి అన్నది రాస్తే చాలు. సెలవుల్లో మేస్త్రి వెంట, యార్డులో మిర్చి బస్తాల దగ్గర, ట్రాక్టర్ మీద చేసిన పని గోదాము మేనేజరుకు నేరుగా అర్థమవుతుంది. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ ఉంటే వాటికొక వరుస. ఏదీ లేకపోతే చదువు, భాషలు, షిఫ్టు, చేరే తేదీలతోనే సగం పేజీ రెజ్యూమే ఇవ్వడంలో తప్పు లేదు. సగం పేజీ నిజం, నింపిన పేజీ ఊక కంటే మెరుగ్గా చదవబడుతుందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

చదువు భాగం చిన్నదే. ఇంటర్ గ్రూపు, కాలేజీ, పాసైన సంవత్సరం, దాని కింద పదో తరగతి. మార్కులు బాగుంటే వేయాలి, లేకపోతే ‘పాస్’ చాలు. ఈ ఉద్యోగాల్లో శాతానికి పెద్ద పట్టింపు లేదు, మెమో చేతిలో ఉందా లేదా అన్నదే ముఖ్యం. సప్లిమెంటరీలో పాసైనా పాసే. సబ్జెక్టులు మిగిలి ఉంటే మాత్రం పాసయ్యామని రాయకూడదు. పది పూర్తి, ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు మిగిలాయి అని ఉన్నదున్నట్టు రాస్తే చాలా గోదాములు, దుకాణాలు తీసుకుంటాయి. కాల్ సెంటర్లు ఎక్కువగా ఇంటర్ పాస్ అడుగుతాయి. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ఆ ఏడాది ఏం జరిగిందో నాలుగు మాటల్లో చెప్పాలి: పొలం పని, ఇంట్లో జబ్బు, కోచింగ్. ఇంకో సంగతి తెలంగాణలో వేసవిలో ఎదురవుతుంది. డిగ్రీ సీట్ల కోసం దోస్త్ కౌన్సెలింగ్ నడుస్తుండగా వచ్చే ఇంటర్ అభ్యర్థిని చూస్తే, సీటు రాగానే వెళ్లిపోతారేమోనని ఏజెన్సీ వాళ్లకు బెరుకు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో మరోచోటో దూరవిద్యలో డిగ్రీ కడుతుంటే ‘దూరవిద్య, పగలు క్లాసులు లేవు’ అన్న రెండు ముక్కలు ఆ బెరుకు తీరుస్తాయి.

పుట్టిన తేదీ ఉంచాలి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ నిషేధించింది. మిగతా పనులకు కూడా కంపెనీలు సాధారణంగా పద్దెనిమిది నిండాలనే అంటాయి, కాబట్టి వయసు ముందే తెలియడం ఇద్దరికీ మంచిది. మతం, కులం, తండ్రి వృత్తి, పెళ్లి వివరాలు పాతకాలపు బయోడేటా నుంచి మిగిలిపోయినవి, తీసేయాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఎట్టి పరిస్థితిలోనూ రెజ్యూమేలో ఉండకూడదు. ఆ కాగితం ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో ఇచ్చినవాళ్లకు తెలియదు. చేరే రోజున అవి ఎలాగూ అడుగుతారు.

భాష సంగతి చెప్పాలంటే, ఏజెన్సీల్లో, హెచ్ఆర్‌లో చదివేది ఇంగ్లిష్‌లోనే కాబట్టి రెజ్యూమే ఇంగ్లిష్‌లో ఉండాలి. కానీ అభ్యర్థి నోటితో చెప్పగలిగే ఇంగ్లిష్‌లో ఉండాలి. ముందు తెలుగులో రాసుకుని, చిన్న వాక్యాలుగా విడగొట్టి, స్కూల్లో టీచరు చేతనో అక్క చేతనో దిద్దించుకుంటే సరిపోతుంది. అర్థం తెలియని పదం ఒక్కటున్నా ఇంటర్వ్యూలో వేలు దానిమీదే పడుతుంది.

అంతా ఒక ఏ4 పేజీలో, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో, 11 సైజులో సరిపోవాలి. యాప్‌లలో దొరికే రంగుల డిజైన్లు ఫోన్ తెర మీద బాగుంటాయి. జిరాక్సు తీయగానే ఆ నీలం పట్టీ నల్లటి మరకై, దాని మీది ఫోన్ నంబరు కనిపించకుండా పోతుంది. నక్షత్రాలతో, గీతలతో భాషా ప్రావీణ్యం చూపించే బొమ్మలూ అంతే. కింద డిక్లరేషన్ మన దగ్గర ఆనవాయితీ, చోటుంటే ఒక్క వాక్యం ఉంచవచ్చు, కానీ ఉంచితే సంతకం, తేదీ పెట్టాలి. సంతకం చోటు ఖాళీగా వదిలేసిన డిక్లరేషన్లు కట్టలో సగం ఉంటాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు కాగితాన్ని ఫొటో తీసి కాకుండా పీడీఎఫ్‌గా పంపాలి. ఫైలు పేరు resume_final_2.pdf అయితే వంద ఫైళ్లలో కలిసిపోతుంది, అభ్యర్థి పేరూ ఉద్యోగం పేరూ ఏరియా అందులో ఉంటే వెతికితే దొరుకుతుంది.

అనుభవం కావాలన్న చోట కొన్ని కన్సల్టెన్సీలు డబ్బు తీసుకుని ఆరు నెలల నకిలీ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామంటాయి. జీతం తీసుకుని పనిచేసినవాళ్లకు చాలావరకు పీఎఫ్ ఖాతా, అందులో యూఏఎన్ నంబరు కింద చేరిన తేదీ, మానిన తేదీ ఉంటాయి. కొత్త కంపెనీ అడిగేది ఆ నంబరే. అది లేదన్నా, జీతం చీటీలు లేవన్నా, ఆ లెటర్ నిలవదు. ఫ్రెషర్‌గా దొరికి ఉండే ఉద్యోగం కూడా దాంతో పోతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అంటూ ఇంటర్వ్యూకు ముందే డబ్బు అడిగేవాళ్లకు రెజ్యూమే కూడా ఇవ్వకపోవడం మంచిది. డబ్బు ఆన్‌లైన్‌లో పంపి మోసపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత మేలు.

రెజ్యూమే ఇచ్చాక రెండు మూడు రోజులపాటు కొత్త నంబర్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తాలి. ఏజెన్సీ వాళ్లు ఒకసారి, మహా అయితే రెండుసార్లు ప్రయత్నిస్తారు. కాల్ సెంటర్ విషయంలో ఆ ఫోనే మొదటి ఇంటర్వ్యూ. బస్సు చప్పుడులో ఉంటే పది నిమిషాల్లో తిరిగి చేస్తానని చెప్పి, నిశ్శబ్దంగా ఉన్న చోటు నుంచి చేయాలి. ఏ కంపెనీకి ఏ కాగితం ఇచ్చిందీ ఒక నోట్‌బుక్‌లో తేదీతో రాసి పెట్టుకుంటే, ‘రెజ్యూమేలో కలెక్షన్స్ కాల్స్ అని రాశారు కదా’ అని అవతలివాళ్లు అన్నప్పుడు ఈ అమ్మాయి వెంటనే ఆ నలభై ఇళ్ల సంగతి అందుకోగలదు.